మొసలి నోట్లో కాలు ఉండగా ‘సశేషం’ వేయొచ్చా?

“నేను ఒక ప్రైవేటు బడిలో తెలుగు టీచర్‌ని. ఒక చిన్న యానిమేషన్ స్టూడియో వాళ్ళు పిల్లల కోసం పురాణ కథలు తీస్తున్నారు, ఒక్కో ఎపిసోడ్ ఏడు నిమిషాలు. నాకు గజేంద్ర మోక్షం ఇచ్చారు, రెండు భాగాలుగా. మొదటి భాగం చివర పిల్లలు ఊపిరి బిగబట్టాలి, మొసలి కాలు పట్టుకోగానే ఆపేయండి అన్నారు. అలాగే రాశాను. 14 పేజీలు వచ్చింది. మొదటి ఆరు నిమిషాల్లో ఏమీ జరగడం లేదని తిప్పి పంపారు. ఇంట్లో ఇంకో బాధ. మా నాన్నగారు రిటైరైన తెలుగు పండితులు, ఇప్పటికీ రోజూ పొద్దున్నే భాగవతం చదువుతారు. నా స్క్రిప్టు చూసి ‘పోతన పద్యం ఒక్కటి లేదు, దేవుడు రాకముందే కథ ఆపేశావు, ఇది గజేంద్ర మోక్షం ఎలా అవుతుంది’ అన్నారు. అప్పటి నుంచి నాతో ముభావంగా ఉంటున్నారు. మా ఆరేళ్ళ బాబుకి చదివి వినిపిస్తే రాత్రి నిద్రలో లేచి ‘ఏనుగు చచ్చిపోయిందా’ అని ఏడ్చాడు. పది రోజుల్లో రెండో డ్రాఫ్టు ఇవ్వాలి. రాయాలా, మానేయాలా? చాలా టెన్షన్‌గా ఉంది.” – ఒక పాఠకురాలు

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ముగ్గురు మూడు రకాలుగా బాధపడ్డారని మీకు అనిపిస్తోంది కానీ, ముగ్గురూ వేలు పెట్టి చూపించింది ఒకే చోటు. మీ భాషలో లోపం ఉందని నాకు అనిపించడం లేదు. కథ ఆపిన చోటు తప్పు. దాన్ని జరిపితే పేజీలు, బాబు భయం, నాన్నగారి అలక మూడూ ఎంతో కొంత సర్దుకుంటాయి. అందుకే మానేయాలా అన్న మాట కాసేపు పక్కన పెట్టి ముందు ఆ చోటు సంగతి చూద్దాం.

ఏడు నిమిషాలంటే 420 సెకన్లు. మొసలి పట్టుకోవడమే ఆఖరి క్షణం అనుకుంటే, దానికి ముందున్న 400 సెకన్లు దేనితో నింపాలి? త్రికూట పర్వతం, అడవి, ఏనుగుల మంద, దాహం, సరస్సు, జలకాలాట. అన్నీ అందమైనవే, పోతన వాటిని ఎంత ఇష్టంగా వర్ణించాడో మీకు నేను చెప్పక్కర్లేదు. కానీ పద్యంలో వర్ణన చదువుతున్నప్పుడు శబ్దమే మనల్ని లాక్కుపోతుంది, తెర మీదికి వచ్చేసరికి అదే వర్ణన ఏనుగులు నడుస్తున్న బొమ్మగా మిగులుతుంది. పిల్లవాడికి రెండో నిమిషంలో ఒక గొడవ కావాలి. స్టూడియో వాళ్ళు ఆరు నిమిషాలు ఖాళీ అన్నది నిజమే, కానీ ఆ ఖాళీ వాళ్ళు అడిగిన ముగింపు వల్లే వచ్చింది. ఈ మాట మీరు వాళ్ళకు మర్యాదగా చెప్పొచ్చు, చెప్పాలి కూడా.

రెండో చిక్కు, మొసలి పట్టడం అనేది ప్రశ్న కాదు. అది నొప్పి. క్లిఫ్‌హ్యాంగర్ అంటే ప్రమాదం మధ్యలో తెర దించడం అనుకుంటారు చాలామంది, కానీ ప్రమాదంతో ఆపితే పిల్లవాడి కళ్ళ ముందు ఒక బొమ్మ గడ్డకట్టి నిలబడిపోతుంది, దాన్నే పక్క మీదికి తీసుకుపోతాడు. మీ బాబు చేసింది అదే. నేను పిల్లల కోసం రాసేటప్పుడు ఒక పరీక్ష పెట్టుకుంటాను: కథ ఆపగానే పిల్లవాడు “తర్వాత ఏమైంది?” అంటే నేను సరైన చోట ఆపినట్టు, “చచ్చిపోయిందా?” అంటే తప్పు చోట ఆపినట్టు. మొదటివాడు కథలో ముందుకు చూస్తున్నాడు. రెండోవాడికి కథ పోయి భయం మిగిలింది. ఇద్దరూ ఆత్రంగానే కనిపిస్తారు కాబట్టి పెద్దవాళ్ళు ఈ తేడా గమనించరు, “చూడండి ఎంత లీనమైపోయాడో” అని సంతోషపడతారు.

అందరికీ తెలిసిన కథలో ఉత్కంఠ ఎక్కడిది అని మీకు అనుమానం రావచ్చు. అమ్మమ్మ చెప్పగా సగం మంది పిల్లలు వినే ఉంటారు, విష్ణువు వస్తాడనీ తెలుసు. నాన్నగారిని అడగండి. గుడి మండపంలో పురాణ కాలక్షేపం చెప్పే పౌరాణికులు రోజూ ఎక్కడ ఆపేవారో ఆయనకు తెలిసే ఉంటుంది. ఎదురుగా కూర్చున్న ముసలివాళ్ళందరికీ కథ కంఠతా వచ్చు, అయినా మర్నాడు వచ్చేవారు. వస్తాడని తెలిసిన చుట్టం కోసం వీధిలోకి తొంగి చూడటం లాంటిది అది. ఆ చూపును ఎక్కడ నిలబెడతామన్నదే మీ పని.

ఇప్పుడు అష్టమ స్కంధం తెరిచి పక్కన పెట్టుకోండి. మీరు వదిలేసిన పద్యాల్లోనే మీకు కావలసిన చోట్లు ఉన్నాయి, అదీ వరసగా. ముందు గజేంద్రుడు ఎవ్వనిచే జనించు అని మొదలుపెట్టి పేరు చెప్పకుండా ఒకరిని పిలుస్తాడు. కాసేపటికి ఆ పిలుపులోకి అనుమానం వస్తుంది, అదే ‘కలడందురు’ పద్యం, చివర ‘కలఁడు కలం డనెడువాఁడు గలఁడో లేఁడో’ అంటాడు. ఆ తర్వాత ‘లా వొక్కింతయు లేదు’ అని తన బలం అయిపోయిందని ఒప్పుకుంటాడు. ఆ తర్వాత ఒక చిన్న వచనం వస్తుంది, పద్యాల మోజులో చాలామంది దాన్ని దాటేసిపోతారు. అందులో గజేంద్రుడు నింగి నిక్కి చూస్తూ, నిట్టూరుస్తూ, ‘బయ లాలకించుచు’ మొరపెడుతుంటాడు. శూన్యంలోకి చెవి పెట్టి వింటున్నాడన్నమాట. అప్పుడు బ్రహ్మాదులు విని కూడా ఊరుకుంటారు, తాము విశ్వమయులం కాము కదా అని. ఆ వెంటనే ‘అల వైకుంఠపురంబులో’. నీళ్ళలోంచి నేరుగా వైకుంఠానికి ఒక్క కట్. ఐదు వందల ఏళ్ళ కిందటి కవి ఎడిటింగ్ అది.

అంటే ఆపడానికి మూడు చోట్లున్నాయి. ఒక్కోదానికి ఒక్కో ఖర్చు.

మొదటిది కలడో లేడో దగ్గర. ప్రశ్నతోనే ఆపడం కాబట్టి స్టూడియోకి ఇదే నచ్చుతుంది, తొమ్మిది పదేళ్ళ పిల్లలైతే నాకూ నచ్చుతుంది. కానీ మీ ప్రేక్షకులు మీ బాబు వయసు వాళ్ళయితే, దేవుడు ఉన్నాడో లేడో అన్న మాట దగ్గర వదిలేసి వారం రోజులు పోవడం బరువు. నాన్నగారు కూడా ఒప్పుకోరు, ఆయన కారణం సరైనదే. పోతనలో ఆ అనుమానం దాటి వెళ్ళే మెట్టు, దాని మీద కాపురం పెట్టలేదు.

రెండోది వైకుంఠంలో. విష్ణువు ఏదో మాట్లాడుతూ మాట్లాడుతూ చటుక్కున ఆగి తల తిప్పుతాడు, అక్కడ సశేషం. భయం పూర్తిగా పోతుంది, నాలుగేళ్ళ పిల్లలకు ఇదే మంచిది. కానీ ఆయన ముఖం చూపించిన క్షణంలో సమాధానం చెప్పేసినట్టే. పైగా రెండో భాగం మొదట్లో వాడుకోవాల్సిన ‘సిరికిం జెప్పడు’ పద్యం బలం సగం ఇక్కడే ఖర్చయిపోతుంది. లక్ష్మికి చెప్పడు, శంఖచక్రాలు చేత పట్టడు, పరివారాన్ని పిలవడు, గరుత్మంతుణ్ణి సిద్ధం చేయించడు, చెవుల మీద పడ్డ జుట్టు సర్దుకోడు, చివరికి చేతిలో ఉన్న లక్ష్మి చీర కొంగు కూడా వదలడు. ఇన్ని చేయకపోవడాలు వరసగా చూపిస్తే పిల్లలు పడీ పడీ నవ్వుతారు, పెద్దవాళ్ళకు కళ్ళు చెమరుస్తాయి. అది రెండో భాగం ప్రారంభం. దాన్ని ఇప్పుడు ముట్టుకోవద్దనే నేను అంటాను.

మూడోది ఆ వచనం దగ్గర, బయలాలకించే చోట. గజేంద్రుడు అనుమానపడ్డాడు, బలం లేదని ఒప్పుకున్నాడు, పిలిచాడు, ఇప్పుడు వింటున్నాడు. నా మనసు దీని మీదే ఉంది, కారణం చెబుతాను. ఏడు నిమిషాల కథలో ఒక ప్రశ్న మూసుకోవాలి, ఇంకోటి తెరుచుకోవాలి. ఏదీ మూయకుండా ఆపితే పిల్లవాడికి మోసపోయినట్టుంటుంది. ఇక్కడ “అంత బలమైన ఏనుగు తన వల్ల కాదని ఎవరితోనైనా చెప్పగలదా?” అన్నది మూసుకుంటుంది. “విన్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా?” అన్నది తెరుచుకుంటుంది. దీని ఖర్చు ఏమిటంటే, చివరి అరనిమిషం దాదాపు నిశ్శబ్దంగా ఉంటుంది. స్టూడియో వాళ్ళు మ్యూజిక్ పెంచుతామంటారు. దాని కోసం మీరు కొంచెం పోరాడాల్సి వస్తుంది.

మూడోది ఎంచుకున్నారనుకుని కొలతలు చెబుతాను. మొసలి పట్టడం 2 నిమిషాల 30 సెకన్ల దగ్గరికి వచ్చేయాలి. టైటిల్‌కి 20 సెకన్లు, మంద దాహంతో సరస్సుకు రావడం 70, నీళ్ళలో ఆట 60, అక్కడికి సరిపోయింది. లాగులాటకు 90, కాలం గడవడానికి 50, మంద ఏం చేయాలో తెలియక గట్టు మీద నిలబడటానికి 50, చివరి దృశ్యానికి 60, ఆఖరి ‘సశేషం’ కార్డుకి 20. పేజీలు లెక్కపెట్టడం మానేయండి. పేజీకి ఒక నిమిషం అన్న లెక్క నటులతో తీసే సినిమాలకు చెల్లుతుంది, యానిమేషన్‌లో ప్రతి కదలికా రాయాలి కాబట్టి పేజీలు ఎక్కువే వస్తాయి. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి, డైలాగులు పైకి చదువుతూ, కదలికలకు కూడా చేతులు ఊపుతూ ఆగండి, అదే నిజమైన కొలత. ఏడు నిమిషాల పిల్లల స్క్రిప్టులో మాటలు 350 దాటితే నేనైతే కోయడం మొదలుపెడతాను.

లాగులాట గురించి కాస్త ఆగుతాను, మీ డ్రాఫ్టులో లేని అసలు దృశ్యం ఇదే కాబట్టి. ‘కరిఁ దిగుచు మకరి సరసికిఁ గరి దరికిని మకరిఁ దిగుచు’ అన్న పద్యం ఒకసారి పైకి చదవండి. ఏనుగును మొసలి సరస్సులోకి, మొసలిని ఏనుగు గట్టుకి. స్టోరీబోర్డు వేసేవాళ్ళకు ఇంతకంటే ఏం చెప్పాలి, షాట్లు విడగొట్టి ఇచ్చేశాడు. ఇటు ఒక షాట్, అటు ఒక షాట్, ప్రతిసారీ ముందుకంటే పొట్టిగా. కానీ ఇక్కడ జాగ్రత్త, రెండు జంతువులు పెనవేసుకుని నీళ్ళలో కొట్టుకోవడం యానిమేషన్‌లో చాలా ఖరీదైన పని. నీళ్ళు ఒకటి కష్టం, ఒకదానికొకటి తగిలి ఉన్న రెండు శరీరాలు ఇంకా కష్టం. చిన్న స్టూడియో 90 సెకన్లు అది చేయలేదు, చేస్తే బాగుండదు. అందుకని పోరు మొత్తాన్ని గట్టు చూపించనివ్వండి. గట్టు మట్టిలో ఏనుగు ముందుకాళ్ళ గుర్తులు, అవి ఒక జాన ముందుకు, మళ్ళీ రెండు జానలు వెనక్కి. నీళ్ళ మీద బుడగలు. గట్టునున్న గున్న ముఖం. కాలు, కోరలు కలిసిన చోటు ఒక్కసారి కూడా తెర మీద కనిపించకూడదు, నీళ్ళు ఎర్రబడకూడదు. పట్టుకున్న క్షణం కూడా తొండంలోంచి తామరపువ్వు జారి నీళ్ళలో పడటంతో తెలిసిపోవాలి. ఖర్చూ తగ్గుతుంది, భయమూ తగ్గుతుంది.

ఆ కాళ్ళ గుర్తుల్లోనే కథకు కారణం కూడా ఉంది. మొదట్లో ఇద్దరూ సమానం. రోజులు గడిచేకొద్దీ ఏనుగు బలం తగ్గుతుంది, మొసలి బలం పెరుగుతుంది, ఎందుకంటే నీళ్ళు మొసలి ఇల్లు. స్థానబలిమి కాని తన బలిమి కాదయా అన్న వేమన పద్యం మీరే బడిలో చెప్పి ఉంటారు. గుర్తులు వెనక్కే పోతున్నాయని పిల్లవాడు మీ మాట సాయం లేకుండా తనే కనిపెట్టాలి.

గున్న అన్నాను కదా, మందలో గున్నలు ఉన్నాయని మూలంలోనే ఉంది కాబట్టి అది మీరు కొత్తగా చేర్చినట్టు కాదు. ప్రేక్షకుడి వయసు వాడు ఒకడు తెర మీద ఉండాలి. కానీ స్టూడియో వాళ్ళు ఆ గున్న చేత ఏదో ఉపాయం పన్నించి మొసలిని ఏమార్చమని అడగొచ్చు, అక్కడ మాత్రం గట్టిగా కుదరదనండి. సంస్కృత భాగవతంలో మిగతా ఏనుగులు లాగి చూశాయి, వాళ్ళ వల్లా కాలేదు. ఎవరి వల్లా కాకపోవడం మీదే ఈ కథ నిలబడింది, గున్న వల్ల సగం అయిపోతే ఇక పిలుపుకి పనే లేదు.

ఇంకో మెలిక. పోరు వెయ్యేళ్ళు సాగిందని పురాణం. కథ చెప్పే గొంతు వెయ్యేళ్ళు అందంటే, గున్న ఇంకా గున్నగానే ఎందుకుందని ఆరేళ్ళవాడు తప్పకుండా అడుగుతాడు. దీనికి రెండు దారులు. గున్నను పెంచి పెద్దదాన్ని చేసి, దాని పిల్ల వచ్చి “నీళ్ళలో ఆ తాత ఎవరు?” అని అడిగేలా చేయొచ్చు. గొప్పగా ఉంటుంది, కానీ రెండు కొత్త బొమ్మలు తయారు చేయాలి, పిల్లవాడు అప్పటిదాకా ఇష్టపడిన గున్న మాయమైపోతుంది. లేదా వెయ్యేళ్ళ మాట నోటితో అనకుండా, జారిపడ్డ తామర దగ్గరే మొగ్గ విచ్చుకోవడం, రాలడం, మళ్ళీ మొగ్గ, చంద్రుడు నిండటం, తగ్గడం చూపించొచ్చు. ఒకే బొమ్మల్ని మళ్ళీ మళ్ళీ వాడుకోవచ్చు కూడా. ఏడు నిమిషాల్లో నేను రెండోదే చేస్తాను. వెయ్యేళ్ళన్న మాట రెండో భాగంలో ఒక పెద్ద ఏనుగు నోట వస్తే చాలు.

చివరి దృశ్యం నాకు ఎలా కనిపిస్తోందో రాస్తున్నాను. ఇది మీరు కాపీ చేయడానికి కాదు, కొలత తెలియడానికి.

దృశ్యం 9. సరస్సు గట్టు. సందె వేళ.

నీళ్ళు కదలడం లేదు. గజేంద్రుడు లాగడం మానేశాడు. గట్టు మీద కాళ్ళ గుర్తులు నీళ్ళ అంచుదాకా వెళ్ళి ఆగిపోయాయి.

గున్న: తాతా, లాగు తాతా! ఇంకొంచెం!

గజేంద్రుడు: నా వల్ల కావడం లేదురా కన్నా.

గున్న: మరి ఎవరి వల్ల అవుతుంది?

గజేంద్రుడు బదులు చెప్పడు. తల మెల్లగా పైకెత్తుతాడు. ‘కలడందురు’ పద్యం వినిపిస్తుంది. సంగీతం లేదు, గొంతు మాత్రమే.

గున్న: ఎవరితో మాట్లాడుతున్నావు తాతా? అక్కడ ఎవరూ లేరుగా.

గజేంద్రుడు: నా బలం అయిపోయింది. ఇక నువ్వే రావాలి.

నిశ్శబ్దం. మూడు సెకన్లు. గజేంద్రుడి చెవులు విప్పారి ఆగిపోతాయి. గున్న కూడా అలాగే తన చిన్న చెవులు విప్పుతుంది. ఆకాశం ఖాళీ. ఇంకో మూడు సెకన్లు. గున్న చెవి ఒకటి చటుక్కున కదులుతుంది.

గున్న: తాతా... విన్నావా?

తెర నలుపు. సశేషం.

గున్న ఏం విందో మనకు వినిపించకూడదు. శంఖం కానీ, గంట కానీ, రెక్కల చప్పుడు కానీ ఏమీ వద్దు. పిల్లవాడు తన ఇంట్లో తనూ చెవి పెట్టి వింటాడు. మొసలి ఇంకా పట్టుకునే ఉంది, ప్రమాదం ఎక్కడికీ పోలేదు, కానీ పిల్లవాడి చూపు నీళ్ళ మీంచి ఆకాశం మీదికి వెళ్ళింది. “చచ్చిపోయిందా” అన్న ప్రశ్న వెనక్కిపోయి “ఏం విన్నది” అన్నది ముందుకొస్తుంది. ఇక్కడ ఇంకో జాగ్రత్త ఉంది. గజేంద్రుడు తామరపువ్వు పైకెత్తి పట్టుకునే బొమ్మ మీకు ఇక్కడ పెట్టాలనిపిస్తుంది, పోస్టర్‌కి బాగుంటుందని స్టూడియో కూడా అడుగుతుంది. భాగవతంలో అది విష్ణువు ఆకాశంలో కనబడ్డాక చేసే పని. రెండో భాగానికి దాచండి, మొదటి భాగంలో జారిపోయిన పువ్వు అప్పుడు మళ్ళీ తొండంలోకి వస్తుంది.

మొసలి సంగతి చిన్నగా. అది హూహూ అనే గంధర్వుడు, దేవలుని శాపంతో మొసలి అయ్యాడు. ఏనుగు ఇంద్రద్యుమ్నుడనే రాజు, అగస్త్యుని శాపం. ఈ రెండు పూర్వకథలూ మొదటి భాగంలో పెట్టొద్దు, సమయం లేదు. కానీ ఒక చిన్న గుర్తు వేసి ఉంచొచ్చు. గంధర్వులు పాటగాళ్ళు కదా, మొదట నీళ్ళ అడుగున చీకట్లో మొసలి ఏదో రాగం కూనిరాగంగా తీస్తుంటే వినిపించండి. అది దుర్మార్గుడు తీసే రాగంలా కాకుండా, మర్చిపోయినదేదో గుర్తు తెచ్చుకుంటున్నట్టు ఉండాలి. రెండో భాగంలో చక్రం తగిలాక అదే రాగం పూర్తి పాటై గంధర్వుడి గొంతులో వస్తుంది. అప్పుడు పిల్లలకు మొసలి చచ్చిపోయిందన్న దిగులు ఉండదు, విడుదలైందని అర్థమవుతుంది.

ఇక నాన్నగారు. ఆయన అన్న రెండు మాటలనూ విడివిడిగా చూడండి. పద్యం లేదన్నది నిజం, దాన్ని ఒప్పేసుకోండి. దేవుడు రాకముందే ఆపావన్నది మాత్రం మీరు ఆయనతో కూర్చుని మాట్లాడాల్సిన సంగతి. స్క్రిప్టు పట్టుకెళ్ళకండి, భాగవతం పట్టుకెళ్ళి ఆ వచనం ఆయన చేతే చదివించండి. “గజేంద్రుడు వింటూ ఉన్నంతసేపు పోతన మనల్ని కూడా వినమన్నాడు కదా నాన్నా, ఆ క్షణాన్నే ఒక రాత్రి పొడిగిస్తాను” అని అడగండి. ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. రెండు భాగాలూ పక్కపక్కనే చూపించనిదే మోక్షం కాదని ఆయన అంటే, ఆ మాట స్టూడియోకి చెప్పి రెండు భాగాల మధ్య ఎక్కువ రోజులు పోనివ్వకండి. మూడు నాలుగు రోజుల్లో వస్తే చిన్న పిల్లలకూ మంచిదే, నెల రోజులైతే ఈ ముగింపు పనిచేయదు. ఆ తేదీ ముందే రాతపూర్వకంగా అడగండి.

చివరి దృశ్యంలో పద్యం నాన్నగారి గొంతుతో ఉంటే ఎలా ఉంటుందో కూడా ఆలోచించండి. కందపద్యం తీరుబడిగా రాగంలో పాడితే అర నిమిషం దాకా పడుతుంది, మీ చివరి అరవై సెకన్లలో సగం. అంత ఇవ్వలేమంటే ఆఖరి పాదం ఒక్కటీ చాలు, కానీ ఒక్క పాదం మాత్రమే పాడమంటే ఆయనకు నచ్చకపోవచ్చు, దానికి సిద్ధంగా ఉండండి. గొంతు తర్వాత స్టూడియో వాళ్ళు మార్చుకున్నా, మార్చుకోకపోయినా, యానిమాటిక్‌కి ఎలాగూ ఒక తాత్కాలిక గొంతు కావాలి. స్టోరీబోర్డు బొమ్మల్ని సమయం ప్రకారం వరసగా పేర్చి గొంతులు కలిపి చూసుకునే దశ అది, మార్పులన్నీ అక్కడే చేసుకోవాలి, బొమ్మలు కదలడం మొదలయ్యాక ఒక్క షాట్ మార్చినా డబ్బు. కాబట్టి నిశ్శబ్దం గురించి మీ పోరాటం కూడా అక్కడే గెలవాలి. ఆరు సెకన్ల మౌనం కాగితం మీద ఎవరికీ నమ్మకం కలిగించదు, యానిమాటిక్‌లో చూపిస్తే గదిలో అందరూ ఆగిపోతారు.

మానేయడం కూడా ఒక దారే, దాచను. స్టూడియో మొసలి పట్టులోనే ఆపాలని పట్టుబట్టి, గున్నను హీరోని చేయాలని పట్టుబడితే, అప్పుడు మీరు రాసేది వేరే కథ, దానికి మీ పేరు వద్దనడం న్యాయమే. మీరు వదిలేస్తే ఇంకొకరు రాస్తారు, బహుశా మీకంటే తక్కువ తెలిసినవారు. అది బాధగా ఉంటుంది, కానీ ఆ భారమంతా మీ మీద వేసుకోనక్కర్లేదు. అంతకుముందు ఒక్కసారి ఈ డ్రాఫ్టు పంపి చూడండి.

బాబుకు మాత్రం కొత్త ముగింపు రాత్రి కాకుండా పగలు చదవండి. వీలైతే వాడి ఈడు పిల్లలు ఇంకో నలుగురిని కూర్చోబెట్టండి. “తాతా... విన్నావా?” అని చదివి పుస్తకం మూసి, ఏమీ మాట్లాడకుండా వాళ్ళు మొదట ఏం అడుగుతారో కాగితం మీద రాసుకోండి. ఐదుగురిలో ఇద్దరైనా ఏనుగుకి నొప్పిగా ఉందా అని అడిగితే లాగులాటలో ఇంకో పది సెకన్లు కోయండి. ఏం వినిపించింది, ఏం వినిపించింది అని మీద పడితే ఆ కాగితం అలాగే స్టూడియోకి పంపండి. నాన్నగారిని కూడా ఆ గదిలో ఒక మూల కూర్చోమనండి.